బజ్జీల బండి దగ్గర నూనెకు లెక్క ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఒంగోలులో 14 ఏళ్లు బజ్జీల బండి నడిపాను. మొన్న సాయంత్రం మా వీధి చివర బండి దగ్గర ఆగితే పొగకు గొంతు గరగరలాడింది. నూనె సంగతి అడిగాను. "రోజూ కొత్త ప్యాకెట్లే కోస్తున్నా బాబాయ్" అన్నాడు ఆ కుర్రాడు. అతను అబద్ధం చెప్పలేదు. నిన్న మిగిలిన లీటరు నూనె మీద ఈరోజు రెండు లీటర్లు కొత్తది పోశాడు. అసలు చిక్కు అక్కడే ఉంది.

అలా రోజూ మూడో వంతు పాతది కలుస్తూ పోతే సోమవారం నూనె ఆదివారం నాడు కూడా బాణలిలో కొంత ఉంటుంది. పాలలో చెంచాడు పెరుగు తోడు వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఇక్కడా అంతే, కాగి చెడిన పాత నూనె కొత్త నూనెను కూడా తొందరగా చెడగొడుతుంది. వడగడితే మాడిన పిండి రేణువులు, అడుగున మడ్డి పోతాయి గానీ నూనెలో కరిగిపోయిన చెడు పోదు.

నూనెను వీలైతే ఒక్కసారే వాడమని, తప్పదంటే మూడుసార్లకు మించవద్దని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ చెబుతుంది. ఇంట్లో ఈ లెక్క పెట్టుకోవచ్చు. పండక్కి గారెలు వండి, నూనె చల్లార్చి, వడగట్టి దాస్తే అది ఒకసారి. బండి మీద సాయంత్రం 5 గంటలకు వెలిగించిన స్టవ్ రాత్రి 10 దాకా ఆగదు. తడి పిండి, ఉప్పు, మిరపకాయల నీరు వాయి వాయికీ అందులో పడుతూనే ఉంటాయి. పైగా ఇనప బాణలి కూడా నూనెను తొందరగా చెడగొడుతుంది. అందుకే నా అనుభవంలో బండి మీద నూనె ఆయుష్షు ఒక్క సాయంత్రమే. మూడు సాయంత్రాలు కాదు.

మేము చివరి నాలుగేళ్లు ఏం చేశామంటే, వెడల్పు బాణలి తీసేసి సన్నగా, లోతుగా ఉన్నది పెట్టాం. మూడు లీటర్లకు బదులు లీటరున్నరతో మొదలుపెట్టి, బజ్జీలు పీల్చుకున్న కొద్దీ కొత్తది కొంచెం కొంచెం పోసేవాళ్లం. 9 గంటల తర్వాత ఇక పోసేవాళ్లం కాదు. మూసేసరికి అర లీటరుకు మించి మిగిలేది కాదు, దాన్ని మళ్లీ వాడలేదు. పోయేది మహా అయితే రెండు ప్లేట్ల బజ్జీల డబ్బు.

మధ్యలోనే నూనె చెడితే ఎలా తెలుస్తుందని నన్ను చాలామంది అడిగారు. రంగు ఒక్కటే చూస్తే మోసపోతాం. మసాలా, కారం పట్టించిన చికెన్ పకోడీ రెండు వాయిలకే నూనెను నల్లబరుస్తుంది. నేను ముందు నురగను చూస్తాను. మంచి నూనెలో పిండి వేయగానే పెద్ద బుడగలు లేచి, తడి ఆరగానే అణిగిపోతాయి. చెడిన నూనెలో సన్నటి, చిక్కటి నురగ బాణలి అంచు దాకా పొంగి, బజ్జీలు తీసినా నిలిచి ఉంటుంది. తర్వాత పొగ. మొదట్లో అదే మంట మీద పొగ రాని నూనె తర్వాత నీలిబూడిద రంగు పొగ వదిలితే దాని పని అయిపోయినట్టే. జల్లిగంట ఎత్తితే చుక్కలుగా కాక జిగురుగా సాగుతూ జారుతుంది, బాణలి అంచున గోకినా రాని జిడ్డు కడుతుంది. కమురు వాసన వస్తుంది. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ నూనె ఇక వాడకూడదు.

కంటితో తేలని దానికి పరికరం ఉంది. కాగే నూనెలో ముంచితే చెడిన పదార్థాలు ఎంత శాతమో చూపిస్తుంది. 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన అమల్లో ఉంది. అది బండికీ వర్తిస్తుంది. కానీ రోజుకు 50 లీటర్లు దాటి వాడేవాళ్లే లెక్కలు రాసి, మిగిలిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకు ఇవ్వాలి. రెండు మూడు లీటర్ల బండివాడి దగ్గరికి ఎవరూ రారు. అతను పారబోస్తే కాలువలో, లేకపోతే మర్నాటి బాణలిలో. రెండూ తప్పే.

ఒంగోలు, నెల్లూరు నగరపాలక సంస్థలకు నా విన్నపం ఇది. బండ్లు ఎక్కువగా నిలిచే చోట్ల, బస్టాండ్ల దగ్గర, రాత్రి మూసే వేళకు ఒక డ్రమ్ము పెట్టించండి. వాడిన నూనెను బయోడీజిల్ తయారీకి కొనేవాళ్లున్నారు, లీటరుకు కొంతైనా బండివాళ్ల చేతికి వచ్చేలా చూడండి. ఆహార భద్రత అధికారులు ఆ పరికరంతో పగలు కాదు, రాత్రి 8 తర్వాత రావాలి. మొదటిసారి జరిమానా వేయకుండా, ఆ అంకెను బండివాడికే చూపించండి.

ఇట్లు,
ఒక పాత బజ్జీల బండి యజమాని,
ఒంగోలు, ప్రకాశం జిల్లా