గాజుల ఆర్డర్లకు ఇకపై మణికట్టు కొలత తీసుకోం

"మణికట్టు చుట్టూ టేపు పెడితే 15 సెంటీమీటర్లే వచ్చింది. చిన్న చెయ్యే కదా అని 2-4 తెప్పించుకుంటే మెటికల దగ్గరే ఆగిపోయాయి. అసలు నేను ఏ సైజు అడగాలి?"

మాకు వెనక్కి వచ్చే గాజుల్లో ఎక్కువ భాగం ఇలా వచ్చేవే. అందుకని ఆర్డర్ ఫారంలో మణికట్టు గడి తీసేశాం. దాని బదులు మడిచిన చేతి చుట్టుకొలత, మిల్లీమీటర్లలో అడుగుతున్నాం. స్క్రూ ఉన్న కడియాలకు, మడతబందు ఉన్నవాటికి మాత్రం మణికట్టు కొలతే కావాలి. అవి తెరుచుకుంటాయి కాబట్టి మెటికల మీదుగా దాటే పని లేదు. మట్టి గాజులు, లక్క గాజులు, అతుకు విప్పని బంగారు గాజులు మాత్రం చేతిలో అన్నిటికంటే వెడల్పయిన చోటును దాటాకే మణికట్టు చేరతాయి.

ఆ వెడల్పయిన చోటు నాలుగు వేళ్ల మొదళ్లలోని మెటికలు, కింద బొటనవేలి మొదటి కీలు కలిసే చోట ఉంటుంది. కొలిచేటప్పుడు నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని కొనను చిటికెన వేలి మొదలుకు ఆనించండి. గాజు తొడుక్కునేటప్పుడు చెయ్యి ఎలా ముడుచుకుంటుందో అలాగే ఉండాలి. సెంటీమీటరు వెడల్పున్న కాగితం ముక్కను మెటికల మీదుగా, బొటనవేలి కీలు మీదుగా చుట్టి, రెండు అంచులు కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, స్కేలు మీద పరిచి చూడండి. దారం వద్దు, లాగితే సాగుతుంది. కాగితం చర్మాన్ని తాకుతూ ఉండాలి కానీ కండను నొక్కకూడదు. రెండు చేతులూ కొలవండి. ఎక్కువ పని చేసే చెయ్యి సాధారణంగా కాస్త పెద్దది, గాజులు దాన్ని బట్టే తీసుకోవాలి.

చెయ్యి చాపి కొలిస్తే ఎందుకు తప్పుతుందంటే, గాజు గుండ్రం, చాపిన చెయ్యి బల్లపరుపు. చుట్టుకొలత సరిపోయినా చూపుడువేలి మెటిక ఒకవైపు, చిటికెన వేలి మెటిక మరోవైపు గాజుకు తగిలి ఆపేస్తాయి. బొటనవేలు లోపలికి మడిస్తే ఆ మెటికలు దగ్గరకు వచ్చి చెయ్యి కొంత గుండ్రమవుతుంది. గాజులు తొడిగేవాళ్లు అరచేతిని రెండువైపులా పట్టి నొక్కేది ఇందుకే. కండ నొక్కితే సర్దుకుంటుంది, ఎముక సర్దుకోదు.

ఇక అంకెల సంగతి. 2-4 అంటే రెండంగుళాల మీద పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంబావు అంగుళాలు. 2-8 అంటే రెండున్నర. ఇది గాజు లోపలి అడ్డకొలత. దీన్ని చుట్టుకొలతలోకి మారిస్తే గుర్తుపెట్టుకోవడం తేలిక: 2-2కి సుమారు 170 మిల్లీమీటర్లు, 2-4కి 180, 2-6కి 190, 2-8కి 200, 2-10కి 210. సైజుకూ సైజుకూ చుట్టూ ఒక సెంటీమీటరు తేడా.

పైన అడిగినావిడ మా మాట మీద చెయ్యి మడిచి కొలిస్తే 192 వచ్చింది. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డకొలత 61 మిల్లీమీటర్లు. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. 61 మిల్లీమీటర్లను అంగుళాల్లోకి మార్చే యాప్‌లో వేస్తే 2.4 అని చూపిస్తుంది. అది చూసి 2-4 ఆర్డర్ పెడితే వచ్చేది 180 చుట్టుకొలత గాజు, చేతికి 12 మిల్లీమీటర్లు తక్కువ. యాప్ చూపే 2.4లో 0.4 అంటే పదో వంతులు నాలుగు. గాజుల లెక్క పదహారో వంతులది కాబట్టి ఆ 0.4ను 16తో గుణించాలి. ఆరున్నర దాకా వస్తుంది. అంటే ఆవిడ చెయ్యి 2-6కు కాస్త ఎక్కువ, 2-8కు బాగా తక్కువ. ఇదే కారణంగా ఫారంలో చుక్క పెట్టి 2.10 అని రాయకండి. అది 2.1 అనుకునే ప్రమాదముంది. 2-10 అనే రాయండి.

192కి మేం మట్టి గాజుల్లో 2-6 పంపాం. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాను బొటనవేలి కింది మెత్తటి కండ సర్దుకుంటుంది. కొలత 195 వచ్చినా, వేళ్లు సన్నగా ఉండి మెటికలు పొడుచుకొచ్చిన చెయ్యయినా 2-8 పంపేవాళ్లం. లక్క గాజు అయితే 192కే 2-8 ఇస్తాం. వెడల్పయిన గాజు మెటికల దగ్గర ఏటవాలుగా తిరగలేదు, సన్న గాజు తిరుగుతుంది. పైగా లక్క గాజు చేత్తో చేసేది, ఒకే సైజులో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండటం మామూలే.

అలాగని "ఎందుకైనా మంచిది, ఒక సైజు పెద్దదే పంపండి" అనకండి. పైన చెప్పిన చేతికి మణికట్టు 150, గాజు 190. అంటే ఎక్కాక మణికట్టు దగ్గర ఎలాగూ 40 మిల్లీమీటర్ల వదులు ఉంటుంది. సరైన సైజులోనైనా మణికట్టు గాజును పట్టి ఉంచదు. చెయ్యి మామూలుగా తెరిచి ఉన్నప్పుడు గాజును ఆపేది బొటనవేలి మొదలు, ఆ మెటికలే. గాజు తొడుక్కుని చెయ్యి కిందికి వేలాడేసి, వేళ్లు వదులుగా ఉంచి నాలుగైదుసార్లు ఊపండి. బొటనవేలి మొదలు దగ్గర ఆగితే సైజు సరిపోయినట్టే. మెటికల మీదకు జారితే పెద్దది. మట్టి గాజయితే కుళాయికీ, తలుపు గొళ్లేనికీ తగిలి చిట్లుతుంది. బంగారు గాజయితే చేతులు కడుక్కునేటప్పుడు జారిపోయినా తెలియకపోవచ్చు.

ఇంట్లో పాత గాజు ఉండి దాన్ని కొలవాలనుకుంటే లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. మూడు మిల్లీమీటర్ల మందమున్న గాజును బయటి అంచుల మధ్య కొలిస్తే ఆరు మిల్లీమీటర్లు కలుస్తాయి. అంటే దాదాపు రెండు సైజులు పెరిగినట్టు.

సీమంతానికి తీసుకునేవాళ్లు పాత సైజు చెప్పొద్దు. ఆ నెలల్లో చేతులు వాచే అవకాశం ఎక్కువ. వేడుకకు ముందు వారంలో, సాయంత్రం పూట కొలిచి ఆ అంకె పంపండి. చేతినిండా వేసే గాజుల్లో పైవి ముంజేతి మీదకు పోతాయి కాబట్టి, రెండు సైజుల మధ్య ఉంటే అప్పుడు పెద్దదే తీసుకోవాలి.

బిగుతుగా ఉన్న మట్టి గాజును బలవంతంగా తోయకండి. సబ్బు నురగ రాసుకోండి, లేదా చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి దాని మీదుగా ఎక్కించి, తర్వాత కవరు లాగేయండి. ఫిరోజాబాద్ మట్టి గాజుల్లో రెండు కొనలనూ మంట మీద కలిపిన అతుకు ఒకటి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ అతుకును బొటనవేలి కీలు వైపు కాకుండా చేతి వెనకవైపు ఉంచి ఎక్కించండి. అయినా ఎక్కకపోతే ఆపేసి మార్చుకోండి. వాడని గాజులు, డజను పూర్తిగా ఉంటే సైజు మారుస్తాం. ఒక్కటి చిట్లినా ఆ డజను వెనక్కి తీసుకోలేం.

ఇప్పటికే మణికట్టు కొలతతో ఆర్డర్ పెట్టినవాళ్లవి ప్యాక్ చేయకుండా ఆపాం. కుడి, ఎడమ చేతుల కొలతలూ, ఏ రకం గాజులో రాసి వాట్సాప్‌లో పంపండి. ఉదాహరణకు: కుడి 192, ఎడమ 188, లక్క. కొలత అందిన క్రమంలోనే పార్సిల్స్ బయల్దేరతాయి.