గోడ మీద అంటించిన ల్యాబ్ రిపోర్టును ఎందుకు తీసేశాను

"అన్నా, డబ్బా మీద ల్యాబ్ టెస్టెడ్ అని ముద్ర ఉంది కదా, అంటే స్కూపులో 24 గ్రాముల ప్రోటీన్ ఉన్నట్టేనా?"

కాదు. ఈ మాట మీకు నేనే ముందుగా చెప్పి ఉండవలసింది. అదే ముద్రను నమ్మి, పాల నుంచి తీసే ఆ వే ప్రోటీన్‌ను దుకాణానికి తెప్పించి, కంపెనీ పంపిన రిపోర్టు జిరాక్సును కౌంటరు వెనుక గోడకు అంటించినవాణ్ణి నేనే. గత నెలలో ఆ కాగితాన్ని తీసేశాను.

ఆ రిపోర్టు దొంగది కాదు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు ఇచ్చినదే, దానిపై ఆ రిపోర్టుకే ప్రత్యేకమైన యూఎల్‌ఆర్ నంబరు కూడా ఉంది. అయితే నేను చదవకుండా వదిలేసిన చిన్న అక్షరాలలో రెండు సంగతులు ఉన్నాయి: నమూనాను కస్టమరే అందజేశారని, ఫలితాలు ఆ నమూనాకు మాత్రమే వర్తిస్తాయని. ఇక్కడ కస్టమరు అంటే మీరో నేనో కాదు, ఆ కంపెనీ. రిపోర్టులోని బ్యాచ్ నంబరును మన అరలోని డబ్బాల అడుగున ఉన్న నంబరుతో పోల్చి చూస్తే ఒక్కటీ కలవలేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు, ల్యాబును అడిగిన ప్రశ్నలోనే ఉంది. రిపోర్టులో ప్రోటీన్ గురించి ఉన్నది ఒకే వరుస, దాని పక్కన "నత్రజని × 6.25" అని ఉంది. కెల్డాల్ అనే ఈ పద్ధతిలో ల్యాబు ప్రోటీన్‌ను నేరుగా కొలవదు. పొడిలోని మొత్తం నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో గుణిస్తుంది. నత్రజని పాల ప్రోటీన్ నుంచి వచ్చిందా, చవకగా దొరికే గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వచ్చిందా అన్నది ఆ పద్ధతికి తెలియదు. గ్లైసిన్‌లో నత్రజని దాదాపు 18.7 శాతం ఉంటుంది కాబట్టి, ఒక గ్రాము గ్లైసిన్ ఈ లెక్కలో సుమారు 1.17 గ్రాముల "ప్రోటీన్"గా కనిపిస్తుంది. వంద గ్రాముల పొడిలో 55 గ్రాముల అసలు వే ప్రోటీన్, 15 గ్రాముల గ్లైసిన్ ఉన్నాయనుకోండి. కాగితం మీద 72.5 గ్రాములు వస్తుంది, అంటే 33 గ్రాముల స్కూపుకు దాదాపు 24. అసలు ప్రోటీన్ మాత్రం 18 గ్రాములే.

అనుమానం తీరక, అరలోని సీలు తీయని డబ్బా ఒకటి వేరే ల్యాబుకు పంపి, అమైనో ఆమ్లాల విశ్లేషణ చేయించాను. ప్రోటీన్‌లో కలిసి ఉన్నవి వేరుగా, విడిగా కలిపినవి వేరుగా చూపమని అడిగాను. నిజమైన వే అయితే ఆ మోతాదుకు వంద గ్రాములలో లూసిన్ 7 గ్రాములకు పైగా, గ్లైసిన్ ఒకటి రెండు గ్రాములు ఉండాలి. మన డబ్బాలో లూసిన్ 5.7 గ్రాములు, విడి గ్లైసిన్ దాదాపు 15 గ్రాములు తేలాయి. పదార్థాల జాబితాలో "అమైనో ఆమ్లాల మిశ్రమం" అని ఉండనే ఉంది. అది చూసి అదనపు సౌకర్యమనుకున్నాను. మీ ఇంట్లో ఉన్న డబ్బాపై గ్లైసిన్, టారిన్, క్రియాటిన్ వంటి పేర్లు ఉండి, ప్రోటీన్ అంకెలో వాటిని కలిపారో లేదో చెప్పకపోతే అనుమానించవచ్చు.

మరి విదేశీ ముద్రల సంగతి? అవీ ఏ ప్రశ్నకు జవాబో చూసుకోవాలి. ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ ముద్ర ఉంటే ప్రతి బ్యాచ్‌నూ అమ్మకానికి ముందు క్రీడల్లో నిషేధించిన పదార్థాల కోసం పరీక్షిస్తారు, ఆ బ్యాచ్ నంబరును వారి వెబ్‌సైటులో వెతికి చూడవచ్చు. పోటీలకు వెళ్లేవారికి అది ఎంతో అవసరం, కానీ 24 గ్రాముల మాటకు అది హామీ కాదు. ప్రోటీన్ పరిమాణానికి అదే సంస్థ ఇన్‌ఫార్మ్‌డ్ ప్రోటీన్ అనే వేరే ముద్ర ఇస్తుంది. విటమిన్ మాత్రలపై కనిపించే యూఎస్‌పీ వెరిఫైడ్ ముద్ర మాత్రం పేర్కొన్న మోతాదును, మాత్ర కరిగే తీరును కూడా చూస్తుంది. ఇక ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు లైసెన్సు మాత్రమే. సంస్థ పేరు ఏదీ లేకుండా గుండ్రంగా "ల్యాబ్ టెస్టెడ్" అని అచ్చు వేసిన బొమ్మకు ముద్ర అన్న పేరే ఎక్కువ.

నేను పరీక్షించినది ఒక్క డబ్బా, ఒక్క బ్యాచ్. అందుకే కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, కానీ ఆ సరుకు అమ్మడం ఆపేశాను. మిగిలిన 11 డబ్బాలను డిస్ట్రిబ్యూటరుకు తిప్పి పంపాను, డబ్బు ఇంకా రాలేదు. మీరు కొన్నది అదే బ్యాచ్ అయితే సగం వాడినా సరే, డబ్బా తెస్తే పూర్తి సొమ్ము ఇస్తాను. ఇకపై వే ప్రోటీన్‌లో ఏడాదికి రెండుసార్లు, ఏ డబ్బానో ముందుగా ఎవరికీ చెప్పకుండా, నా అరలోంచే తీసి ల్యాబుకు పంపిస్తాను. ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించే స్తోమత నాకు లేదు, ఈ రెండింటి ఖర్చు కూడా డబ్బా ధరలో కొంత కనిపిస్తుంది.