తోటలో కిలో 17, కొట్లో కొబ్బరికాయ 30: ఈ లాటు లెక్క ఇదీ

"తోట దగ్గర కిలో 17 రూపాయలకు కొన్నామని మీరే అన్నారు. పీచుతో కిలో తూగే కాయ ఒకటి మాకు 30కి ఇస్తున్నారు. అంటే కాయకు 13 రూపాయలు మిగులుతున్నట్టేనా?" (మన కొట్లో రోజూ కాయలు తీసుకునే ఒక టిఫిన్ సెంటరు యజమాని అడిగిన మాట)

అన్ని ఖర్చులూ పోగా ఈ లాటులో నాకు మిగిలింది కాయకు 1 రూపాయి 80 పైసలు. నమ్మడం కష్టమని తెలుసు. అందుకే ఖాతా పుస్తకంలో ఉన్న లెక్కంతా మీ ముందు పెడుతున్నాను. ఇందులో దాచవలసింది ఏమీ లేదు. రోజూ నా దగ్గర కొనేవాళ్ళకు ఇది తెలిసి ఉండాలి.

కోనసీమలో కొబ్బరి బేరం మామూలుగా వెయ్యి కాయల లెక్కన జరుగుతుంది. అంబాజీపేట మార్కెట్ ధరలు పత్రికల్లో వచ్చేదీ అలాగే. ఈసారి రైతు పీచుతో సహా తూకం మీద ఇస్తానన్నారు, నేను సరేనన్నాను. 10 టన్నులు, కిలో 17 చొప్పున 1,70,000 రూపాయలు. కుప్పలో నుంచి చేతికి అందిన కాయలు ఒక 20 తీసి తూచి చూస్తే సగటున కాయ ఒక్కొక్కటి కిలో వచ్చింది. ఒలిచాక అదే కాయ 600 గ్రాములు. కాబట్టి 10 టన్నులంటే ఇంచుమించు 10,000 కాయలు, అందులో 4 టన్నులు పీచు. ఇంకోలా చెప్పాలంటే 1,70,000లో 68,000 నేను పీచుకే కట్టాను. ఆ పీచును అక్కడే కొబ్బరి పీచు మిల్లుకు ఇస్తే తిరిగి వచ్చింది 8,000.

పీచు బరువు పోవడం వల్ల కాయల సంఖ్య తగ్గదు. ఒలవకముందు 10,000 ఉంటే ఒలిచాకా 10,000 ఉంటాయి. నేను కొన్నది కిలోల్లో, అమ్మేది కాయల్లో. పీచు పొడిగా ఉన్నంతవరకు ఈ రెండింటికీ పేచీ లేదు. చెట్టు నుంచి దింపిన కాయలు కుప్పలో ఉండగా వాన పడితే మాత్రం కథ మారిపోతుంది. పీచు నీళ్ళు పీల్చుకుంటుంది. కాయకు ఒక్క 100 గ్రాములు పెరిగినా అదే 10 టన్నులకు నాకు వచ్చేవి 9,090 కాయలే. కాయ అసలు ధర 17 నుంచి 18 రూపాయల 70 పైసలకు వెళుతుంది. నాకు మిగిలేదే 1 రూపాయి 80 పైసలు కదా, అందులో 1 రూపాయి 70 పైసలు ఆ తడికే పోతాయి. కాయ లోపల కొబ్బరి ఒక్క గ్రాము కూడా పెరగదు. అందుకే తూకం మీద కొనేటప్పుడు పీచును బొటనవేలితో నొక్కి చూస్తాను. చెమ్మ అంటితే ఆ కుప్ప ఆరేదాకా ఆగాలి, లేకపోతే కాయల లెక్కకు మారాలి. వేరే దారి లేదు.

ఒలుపు కూలి కాయకు రూపాయి, మొత్తం 10,000. సంచికి 100 కాయల చొప్పున సంచులకు 2,000. అక్కడ ఎక్కించడానికీ ఇక్కడ దించడానికీ కలిపి 4,000. లారీ కిరాయి 21,000. పగటిపూట పెద్ద లారీలను నగరంలోకి రానివ్వరు కాబట్టి తెల్లవారకముందే సరుకు దించుకోవాలి, ఆ వేళకు హమాలీలు ఒక రూపాయి ఎక్కువే అడుగుతారు. అది న్యాయమే. ఇవన్నీ కలిపి, పీచు మీద వచ్చిన 8,000 తీసేస్తే, కొట్టు గుమ్మం దగ్గరకు వచ్చేసరికి లాటు ఖర్చు 1,99,000. పదివేల కాయలకు పంచితే కాయకు 19 రూపాయల 90 పైసలు.

అయితే పదివేలూ అమ్మకానికి రావు. మొదటి ఏరివేత తోటలోనే జరుగుతుంది. నేలలో పాతిన ఇనుప పలుగు మీద కాయను గుచ్చి పీచు ఊడదీసేటప్పుడు, చెయ్యి కాస్త తప్పినా చిప్పకు దెబ్బ తగులుతుంది. మొలక వచ్చిన కాయలు, లోపల కొబ్బరి కట్టని గుడ్డి కాయలు కూడా పీచు తీశాకే బయటపడతాయి. అలా 250 కాయలు పక్కన పెట్టి, ఎండు కొబ్బరి చేసేవాళ్ళకు అక్కడే 2,000కు ఇచ్చేశాను. తూకం మీద కొన్న సరుకు కాబట్టి వాటిని రైతుకు తిప్పి ఇవ్వడం ఉండదు.

రెండో ఏరివేత ఇక్కడ, సంచి విప్పగానే. సంచి అడుగున తడి కనిపిస్తే అందులో పగిలిన కాయ ఉన్నట్టే. ఆ నీళ్ళు తగిలిన చుట్టుపక్కల కాయలకు కూడా రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది కాబట్టి సంచి మొత్తం కుమ్మరించి ఆరబెట్టాలి. కంటికి కనిపించని సన్నటి బీటను చెవితో పట్టాలి. రెండు కాయలను ఒకదానికొకటి తడితే మంచి కాయ ఖంగుమంటుంది, బీటవారినది మొద్దుగా పలుకుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే నీళ్ళు ఆడాలి. ఆడకపోతే నీరు కారిపోయిందని అర్థం. ఆ తర్వాత కళ్ళు చూస్తాం. మూడు కళ్ళూ పొడిగా, గట్టిగా ఉండాలి. ఏ ఒక్క కన్నైనా మెత్తబడినా, చుట్టూ నల్లటి చెమ్మ ఉన్నా కుళ్ళు అక్కడి నుంచే లోపలికి పోతుంది. కళ్ళ మీద పిలక వదిలి ఒలిపించేది ఇందుకే. పూజకు పిలక కావాలి అన్నది ఒక కారణమైతే, కాయ నిలవ ఉండాలన్నది మరో కారణం. పిలక పీకేసిన కాయను నేను నాలుగు రోజులకు మించి నమ్మను.

ఈ లాటులో ఇక్కడ తీసేసినవి 390. వాటిలో 250 పగిలినా తాజాగానే ఉన్నాయి. ఆ పొద్దునే చట్నీకి కావలసిన వాళ్ళకు 12 చొప్పున ఇచ్చాను, 3,000 వచ్చింది. మిగతా 140 కుళ్ళినవి, పారవేయడమే. ఆ తర్వాత కొట్లో నిలవ ఉండగా చెడినవి, మీలో కొందరు ఇంటికి తీసుకెళ్ళి కొట్టి చూసి తెచ్చి మార్చుకున్నవి కలిపి 160. చివరికి మంచి కాయలుగా అమ్ముడైనవి 9,200. ఏరివేసిన వాటి మీద వచ్చిన 5,000 తీసేసి మిగిలిన 1,94,000ను ఈ 9,200 కాయలే మోయాలి. అంటే కాయ 21 రూపాయల 10 పైసలు. పాడైన ప్రతి కాయ ధరా మంచి కాయ మీదికే ఎక్కుతుంది. తోటలో 17గా ఉన్నది ఇక్కడ 21 దాటడానికి కారణం ఇదే.

ఈ 9,200 అమ్మడానికి పట్టిన రోజులకు కొట్టు అద్దె, ఇద్దరి జీతం, కరెంటు కలిపి 24,000 అయింది. అది కూడా వేసుకుంటే కాయ 23 రూపాయల 70 పైసలు.

ఇప్పుడు అమ్మకం సంగతి. 30 రూపాయలు అన్ని కాయలకూ కాదు. పెద్దవి 3,000 కాయలు 30కి, మధ్య రకం 4,700 కాయలు 25కి, చిన్నవి 1,500 కాయలు 18కి వెళ్ళాయి. అంతా కలిపి 2,34,500. సగటున కాయకు 25 రూపాయల 50 పైసలు. పైన చెప్పిన 23 రూపాయల 70 పైసలకూ దీనికీ తేడాయే నాకు మిగిలింది, మొత్తం 16,500.

అన్నీ ఒకే ధరకు పెట్టవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. అలా పెడితే ముందు వచ్చినవాళ్ళు పెద్ద కాయలన్నీ ఏరుకుంటారు, వాళ్ళ తప్పు కాదు. సాయంత్రానికి చిన్నవే మిగులుతాయి. సాయంత్రం వచ్చినవాళ్ళు అదే డబ్బుకు చిన్నకాయ తీసుకెళ్ళాలి. నాకది నచ్చదు. ఒలిచిన కాయ బరువులో కొబ్బరి సగానికి కొంచెం తక్కువ ఉంటుంది, 45 శాతం అనుకుందాం. పెద్ద కాయ 720 గ్రాములు, అందులో కొబ్బరి 324 గ్రాములు. మధ్య రకంలో 270, చిన్నదాంట్లో 190 గ్రాములు. నా ధరలతో లెక్కకట్టి చూడండి. పెద్దదైనా మధ్య రకమైనా కిలో కొబ్బరి 93 రూపాయల దగ్గర పడుతుంది, చిన్నదానికి 95. కాబట్టి చట్నీకి పెద్ద కాయ కొన్నా చిన్న కాయ కొన్నా మీకు పెద్ద తేడా రాదు. పెద్దదైతే పగలగొట్టే, చెక్కే పని తగ్గుతుంది, అంతే. గుళ్ళో కొట్టడానికీ, వ్రతానికీ సంఖ్య ముఖ్యం కాబట్టి వాళ్ళకు 18 రూపాయల కాయే మేలు. 11 కాయలు కావాలని వచ్చిన పెద్దమ్మకు నేను 30 రూపాయల కాయ చూపించను.

ప్రశ్న అడిగిన సోదరుడికి ఒక మాట. మీకు కావలసింది కొబ్బరి, పిలక కాదు. లారీ వచ్చిన పొద్దున ఫోను చేస్తాను, పగిలిన తాజా కాయలు 12కే తీసుకెళ్ళండి. ఆ రోజే తురమాలి, మర్నాటికి పులుపు ఎక్కుతుంది. మిగతా రోజుల్లో మీరు తీసుకునే పెద్ద కాయలను తూచి చూసుకోండి. 700 గ్రాములకు తక్కువ ఉన్నదాన్ని మధ్య రకం ధరకే ఇస్తాను. తక్కెడ బల్ల మీదే ఉంటుంది.

వచ్చే లాటు పీచుతో తూకం మీద కొనడం లేదు. వానల్లో ఆ బేరం నాకూ మీకూ మంచిది కాదు. ఒలిచిన తర్వాత, ఏరిన కాయలనే వెయ్యి లెక్కన మాట్లాడుకున్నాను. పీచు, ఒలుపు కూలి, తోటలో ఏరివేత ఇక రైతు వైపే ఉంటాయి. అందుకు ఆయన కాయకు కాస్త ఎక్కువ అడిగారు, ఒప్పుకున్నాను. దారిలో పగిలేవి, ఇక్కడ కుళ్ళేవి మాత్రం నావే. చెడిన కాయ మార్చుకోవడం మునుపటిలాగే ఉంటుంది. కొట్టిన రెండు చిప్పలూ అదే రోజు తీసుకురండి. లోపల రంగు మారినా, వాసన వచ్చినా ఏమీ అడగకుండా ఇంకో కాయ ఇస్తాను.

కార్తీక మాసానికి 100 కాయలకు పైగా కావలసినవాళ్ళు ఏ రకం, ఎన్ని అన్నది వారం ముందు చెప్పండి. పిలకతో కావాలో వద్దో కూడా చెప్పండి. లారీ బయలుదేరేలోపు ఆ లెక్క నా చేతిలో ఉంటే కావలసిన రకమే సంచుల్లో కట్టిస్తాను.