పక్కలకు ఉబ్బే జుట్టుకు మీ సెలూన్‌లో మూడుసార్లు తప్పు కటింగ్: ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ కూకట్‌పల్లి బ్రాంచిలో టేపర్ కటింగ్ సరిగ్గా చేయకపోవడం, ఆ తర్వాత అవసరం లేని స్మూతెనింగ్‌కు డబ్బు తీసుకోవడం

నమస్కారం.

నా జుట్టు బాగా దట్టం. ఒక్కో వెంట్రుక లావుగా, బిరుసుగా ఉంటుంది. నడినెత్తి మీద ఇబ్బంది లేదు. చెవుల పైన మాత్రం రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది, తల అసలు ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది. ఇలాంటి జుట్టుకు కటింగ్‌లోనే పరిష్కారం ఉందని నాకు తెలుసు, ఎందుకంటే తెనాలిలో ఉన్నన్నాళ్ళూ మా వీధి సెలూన్‌లో అది నెలనెలా చేయించుకున్నాను. హైదరాబాద్ వచ్చాక జనవరి నుంచి కటింగ్‌కు మీ దగ్గరికి మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ వేరువేరు వాళ్ళు కత్తిరించారు, ప్రతిసారీ ఒక కొత్త తప్పు జరిగింది.

మొదటిసారి "సైడ్లు టేపర్ చేయండి, పక్కలకు ఉబ్బుతుంది" అని చెప్పాను. ఆ అబ్బాయి మిషన్‌కు నంబర్ 4 గార్డ్ పెట్టి, మెడ దగ్గర నుంచి పైదాకా ఒకే కొలతలో తిప్పేశాడు. అది టేపర్ కాదు. టేపర్ అంటే చెవి పక్కన, మెడ దగ్గర బాగా పొట్టిగా మొదలై పైకి వెళ్ళేకొద్దీ కొంచెం కొంచెంగా పొడవు పెరగాలి. నంబర్ 4 అంటే సుమారు 13 మిల్లీమీటర్లు. జుట్టు నెలకు ఒక సెంటీమీటరుకు కాస్త అటూఇటూగా పెరుగుతుంది కాబట్టి, మూడు వారాలకు నా పక్కల జుట్టు 2 సెంటీమీటర్లు దాటింది. బిరుసు జుట్టుకు ఇదే అన్నిటికంటే చెడ్డ పొడవు. తన బరువుకు తాను వాలేంత పొడవు ఉండదు, తలకు అంటుకుని ఉండేంత పొట్టిగానూ ఉండదు. సూటిగా బయటికి నిలబడుతుంది. రెండు పక్కలా కలిపితే తల వెడల్పుకు 4 సెంటీమీటర్ల పైనే తోడైంది. అసలే చెవుల పైన తల గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడ ఒకే పొడవు ఉంచితే ఆ ఉబ్బు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

రెండోసారి ఇదంతా వివరించి "ఇంకా పొట్టిగా కావాలి" అన్నాను. ఈసారి నంబర్ 1, అంటే 3 మిల్లీమీటర్లు, పక్కలంతా పైదాకా తీసేసి నడినెత్తి జుట్టును అలాగే వదిలేశారు. పక్కభాగం ముగిసి నెత్తి వైపు తల మలుపు తిరిగే చోట పై జుట్టు పెంకుటింటి చూరులా బయటికి వచ్చింది. కింద తెల్లగా చర్మం, పైన చూరు. ఈ మలుపు దగ్గరే ఈ కటింగ్‌కు అసలు పని ఉంటుంది. పొట్టి జుట్టు, పొడవు జుట్టు కలిసే గీతను అక్కడ దువ్వెన మీద కత్తెరతో చెరిపేయాలి. ఆ మూల కోసుగా ఉంటే చాలు, కింద ఎంత పొట్టిగా తీసినా తల పెట్టెలాగే కనిపిస్తుంది.

నేను ఈ లేఖ రాయడానికి కారణం మూడోసారి జరిగింది. ఏప్రిల్‌లో మా చెల్లి నిశ్చితార్థానికి పది రోజుల ముందు వచ్చాను. జుట్టు తడిపి, పళ్ళ కత్తెర తీసుకుని, పక్కల జుట్టును వేళ్ళ మధ్య పట్టుకుని మాడుకు దగ్గరగా నాలుగైదుసార్లు కొరికించారు. "దట్టం తగ్గితే ఉబ్బు తగ్గుతుంది సార్" అన్నారు. అద్దంలో అప్పుడు చదునుగానే కనిపించింది. తడి జుట్టు ఎవరికైనా అతుక్కునే ఉంటుంది కదా! ఇంటికొచ్చి ఆరాక కాస్త లేచింది. నిశ్చితార్థం రోజుకు మునుపటికంటే ఎక్కువ లేచింది. ఫోటోలన్నిటిలో అలాగే ఉన్నాను.

ఎందుకలా అయిందో మీ సిబ్బందికి తప్పక చెప్పండి. పళ్ళ కత్తెర కొన్ని వెంట్రుకలను వదిలి కొన్నిటినే కత్తిరిస్తుంది. మాడు దగ్గర కత్తిరిస్తే మొదట్లో పలచబడినట్టే ఉంటుంది. కానీ తెగిన పొట్టి వెంట్రుకలు పది రోజుల్లో మొలకల్లా లేస్తాయి. సన్నని, మెత్తని జుట్టులో అవి వంగిపోతాయి కాబట్టి తెలియదు. బిరుసు జుట్టులో అవి నిటారుగా నిలబడి, తమ మీద ఉన్న పొడవు వెంట్రుకలను లోపలి నుంచి బయటికి నెడతాయి. పళ్ళ కత్తెర అసలు వాడకూడదని నేను అనడం లేదు. నడినెత్తి మీద, వెంట్రుక సగం పొడవు నుంచి కొసల వైపు కొద్దిగా వాడితే బరువు తగ్గుతుంది. చెవి పైన, మాడు దగ్గర మాత్రం వద్దు.

నిశ్చితార్థం అయ్యాక వచ్చి చూపిస్తే, "మీ జుట్టు రకమే అంత, స్మూతెనింగ్ చేయించుకోండి" అన్నారు. ఆ టెన్షన్‌లో ఒప్పుకున్నాను. ₹3,500 తీసుకున్నారు. ఆ మందు అప్పటికి తల మీదున్న వెంట్రుకలకే పనిచేస్తుంది, కొత్తగా వచ్చేది మళ్ళీ బిరుసుగానే వస్తుంది. మూడు నాలుగు వారాలకోసారి పొట్టిగా తీసేసే పక్కల జుట్టుకు అది చేస్తే, మందు పెట్టిన భాగం తర్వాతి ఒకటి రెండు కటింగుల్లోనే నేల మీద పడిపోతుంది. ఈ సంగతి మీ వాళ్ళు ముందే చెప్పి ఉండాల్సింది.

మే నెలలో ఊరెళ్ళి పాత సెలూన్‌లో చేయించుకున్నాను. అక్కడి పెద్దాయన జుట్టు పొడిగా ఉండగానే మొదలుపెట్టారు, ఎక్కడ ఎటు లేస్తుందో చూడాలని. చెవి చుట్టూ, మెడ అంచున వేలెడు వెడల్పు మాత్రం నంబర్ 1. దాని పైన కణత ఎత్తు దాకా నంబర్ 2, అంటే 6 మిల్లీమీటర్లు. రెండూ కలిసే చోట మిషన్‌ను తలకు ఆనించి పైకి తోయకుండా, చెంచాతో తోడినట్టు బయటికి లాగుతూ గీత చెరిపారు. మలుపు దగ్గర గార్డ్ తీసేసి దువ్వెన, కత్తెరతో మూల తీసేశారు. నెత్తి మీద ఆరేడు సెంటీమీటర్లు ఉంచారు, అది వాలడానికి ఆ పొడవు కావాలి. చివర్లో నన్ను లేపి నిలబెట్టి ఎదురుగా చూశారు. చెవుల పైన జుట్టు చెంపల ఎముకల కంటే బయటికి వస్తోందా అని ఆయన చూసేది అదొక్కటే. మొత్తం ముప్పావు గంట పట్టింది. నాలుగో వారానికి కింద పెరిగి ఉబ్బు మళ్ళీ మొదలవుతుంది, అది నాకు తెలుసు. అందుకే నెలకోసారి రావడానికి నేను సిద్ధం.

నేను మిమ్మల్ని అడిగేవి ఇవి. స్మూతెనింగ్‌కు తీసుకున్న ₹3,500 తిరిగి ఇవ్వండి. మూడు కటింగుల డబ్బు అడగడం లేదు. మీ యాప్‌లో నా ఫోన్ నంబర్ కింద కటింగ్ తేదీలు ఉన్నాయి, వాటి పక్కనే ఊళ్ళో పెద్దాయన వాడిన గార్డ్ నంబర్లు, "పక్కల పళ్ళ కత్తెర వద్దు" అనే మాట రాసి పెట్టండి. ఎవరు కత్తిరించినా అది చూసి మొదలుపెడతారు. టేపర్ అడిగినవాళ్ళకు పదిహేను నిమిషాల స్లాట్ ఇవ్వకండి. ఆ బ్రాంచిలో చేసేవాళ్ళంతా కుర్రవాళ్ళు, మర్యాదగానే మాట్లాడారు. వాళ్ళ మీద చర్య తీసుకోమని నేను కోరడం లేదు. దువ్వెన మీద కత్తెర పని వాళ్ళకు ఎవరైనా దగ్గరుండి నేర్పించండి.

బిల్లులు, నిశ్చితార్థం నాటి ఫోటో, ఊళ్ళో కటింగ్ అయ్యాక తీసిన ఫోటో జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ కూకట్‌పల్లి బ్రాంచి కస్టమర్