మా ఇంటి చిరునామా ఇకపై ఎందుకు ఇవ్వడం లేదంటే

“పోయిన సంక్రాంతికి మీ ఇంటికే వచ్చి అరిసెలు తీసుకెళ్ళాం కదండీ. ఇప్పుడు లొకేషన్ అడిగితే మెయిన్ రోడ్డు మీద కొట్టు చూపిస్తున్నారు. మమ్మల్ని నమ్మడం లేదా?”

నేను ఇంట్లో చేసి అమ్మే పచ్చళ్ళు, అరిసెలు కొనే పాతవారిలో నలుగురైదుగురు ఈ మాట అడిగారు కనుక, జరిగింది దాచకుండా రాస్తున్నాను. గత ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం, మా వారు ఊళ్ళో లేని సమయంలో, ముందుగా ఫోను చేయకుండా ఒకాయన మా తలుపు తట్టి, “సార్ ఇంకా రాలేదా? బాబుకు జ్వరం తగ్గిందా?” అని ఎంతో చనువుగా పలకరించారు. నేను ఆయనను అంతకు ముందు చూసి ఎరుగను. మాటల్లో తెలిసిందేమిటంటే, పది రోజుల క్రితం ఒక ఆడమనిషి పేరుతో గోంగూర పచ్చడి ఆర్డరు పెట్టినది ఆయనే. తలుపు గొలుసు తీయకుండానే మాట్లాడి పంపించాను. ఆయన చేయి చేసుకోలేదు, బెదిరించనూ లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫోను ముందు వేసుకుని ఆ పది రోజుల సందేశాలు తిరగేస్తే తేలినది ఇది: ఎవరూ నా ఫోనులోకి చొరబడలేదు, అన్నీ నేనే చెప్పాను. పార్సిల్ తీసుకోవడానికి వచ్చిన బండి అబ్బాయికి దారి దొరకడం లేదని, లైవ్ లొకేషన్ పెట్టమని ఆయన అడిగారు. వాట్సాప్‌లో దానికి 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు గడువులు ఉంటాయి. అబ్బాయి ఆలస్యమవుతాడేమోనని నేను 8 గంటలు నొక్కి, పార్సిల్ వెళ్ళాక ఆపడం మరిచిపోయాను. ఆ మధ్యాహ్నం నేను బాబును స్కూలు బస్సు దిగే చోటునుంచి తీసుకురావడం, సాయంత్రం గుడికి వెళ్ళి రావడం, అన్నీ ఆయన తన ఫోనులో చుక్క కదులుతుండగా చూడగలిగారు. భవనం అలా తెలిసింది. ఫ్లాటు నంబరు మాత్రం ‘ఈ రోజు ప్యాకింగ్’ అని నేను స్టేటస్‌లో పెట్టిన ఫోటోలో ఉంది; డబ్బాల వరుసలో చివరిదాని మీద కొరియర్ చీటీ, దాని మీద పంపినవారి చిరునామా స్పష్టంగా చదవవచ్చు. ఇక మా వారు ఊరికి వెళ్ళారని, బాబుకు జ్వరమని, అందువల్ల డెలివరీలు సోమవారం తరువాతేనని రాసిన స్టేటస్ కూడా నాదే. ఆలస్యానికి కారణం చెప్పడం మర్యాద అనుకున్నాను. ‘సోమవారం నుంచి పంపుతాను’ అంటే సరిపోయేదని ఇప్పుడు తెలుస్తోంది.

కొన్నవారందరి నంబర్లూ నా సొంత ఫోనులోనే సేవ్ చేసుకున్నందువల్ల, నా నంబరు తిరిగి సేవ్ చేసుకున్న వారికల్లా మా పిన్నికి కనిపించే స్టేటస్సే కనిపించేది. అందుకే మొదట మార్చింది నంబరు. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుని, అదే ఫోనులో వాట్సాప్ బిజినెస్ పెట్టాను. అందులో చిరునామా గడి ఖాళీగా వదిలేశాను. ఇంటి సంగతులు పాత నంబరులోనే ఉంటాయి. మీలో పాత నంబరుకు ఆర్డర్లు పెట్టేవారు దయచేసి మానుకోండి. అక్కడ ఇక జవాబు రాదు.

ఇదివరకు ఎవరికైనా లైవ్ లొకేషన్ పెట్టి మరిచిపోయానేమోనన్న అనుమానంతో Settings, Privacy, Live location తెరిచి చూశాను. ఎవరితో పంచుకుంటున్నామో అక్కడే జాబితా ఉంటుంది, అక్కడే ఆపవచ్చు. ఇళ్ళ నుంచి అమ్మకాలు చేస్తున్న అమ్మాయిలు మీలో ఉన్నారు కనుక, ఒక్కసారి మీరూ చూసుకోండి. ఫోటోలో దాగి ఉండే జీపీఎస్ గురించి ఒకరిద్దరు అడిగారు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ సమాచారం తొలగిపోతుంది కానీ, స్పష్టత కోసం డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉండిపోతుంది. అయితే నా అనుభవంలో దానికన్నా ప్రమాదకరమైనది బాల్కనీ వెనక కనిపించే ఎదురింటి బోర్డు. ఇప్పుడు సీసాల ఫోటోలన్నీ తెల్ల అట్టముక్క ముందు పెట్టి తీస్తున్నాను.

గూగుల్ మ్యాప్స్‌లో నాలుగేళ్ళ క్రితం ఉత్సాహంగా పెట్టిన దుకాణం గుర్తు కూడా మా గుమ్మం మీదే ఉండేది. కొనేవారు వచ్చే చోటు కానప్పుడు చిరునామాను దాచి, డెలివరీ చేసే ప్రాంతాలను మాత్రమే చూపించే వీలు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉంది. అలాగే మార్చాను. ప్రేమతో ఎవరో పెట్టిన మా గుమ్మం ముగ్గు ఫోటో మాత్రం నేను తీసేయలేను. పెట్టినవారు మీలో ఉంటే తొలగించమని కోరుతున్నాను.

ఇక దాచలేనిది ఒకటుంది. ప్యాక్ చేసిన ఆహారం అమ్మేవారు తయారీదారు పేరు, పూర్తి చిరునామా, FSSAI నంబరు లేబుల్ మీద వేయాలి; ఇంటి వంటగదిలో చేశామని దానికి మినహాయింపు లేదు, ఉండాలని కూడా నేను కోరను. పచ్చడి చెడితే ఎవరిని అడగాలో తినేవారికి తెలియాలి కదా. అందువల్ల లేబుల్ మారలేదు, మీ చేతికి వచ్చే ప్రతి సీసా మీద మా చిరునామా ఉంటుంది. మారిందల్లా అది నలుగురి కంటా పడే తీరు: కేటలాగ్ ఫోటోల్లో సీసా ముందువైపు మాత్రమే కనిపిస్తుంది, డబ్బు అందిన తరువాతే సీసా బయలుదేరుతుంది. మీరు సీసాను ఫోటో తీసి పెట్టేటప్పుడు ఆ వెనకవైపు పడకుండా చూస్తే చాలు.

ఆ రోజు తలుపు తట్టినాయన సంగతి అక్కడితో ఆగలేదు. తరువాత వారంలో పదకొండు సందేశాలు వచ్చాయి. వెంటనే బ్లాక్ చేద్దామనుకున్నాను కానీ, న్యాయవాది అయిన మా మరదలు ఆపి, ముందు ఒక్క వాక్యం రాయమంది: ‘మా ఇంటికి రావద్దు, నాకు సందేశాలు పంపవద్దు.’ భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారం స్త్రీ అయిష్టాన్ని స్పష్టంగా తెలిపిన తరువాత కూడా పదేపదే వెంటపడడం, సంప్రదించడం నేరం. కాబట్టి ఆ వాక్యం మన ఫోనులో ఉండాలట. ఆ వాక్యం పంపాక మూడు సందేశాలు వచ్చాయి. తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, అప్పుడు బ్లాక్ చేసి, వాటి ప్రింట్లతో మా పరిధిలోని స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాను. మళ్ళీ గుమ్మం దగ్గర కనిపిస్తే 112కు ఫోను చేయమన్నారు. ఇప్పటివరకు ఆ అవసరం రాలేదు.

ఇప్పుడు ఏర్పాటు ఇలా ఉంది. మెయిన్ రోడ్డు మీద కాండిమెంట్స్ షాపు నడుపుతున్న పెద్దాయన, పొట్లానికి 10 రూపాయలు తీసుకుని మీ సీసాలు ఉంచడానికి ఒప్పుకున్నారు. ఆ పది రూపాయలు నేనే భరిస్తాను. షాపులో మీ పేరు, ఫోను నంబరు చెప్పవలసిన పని లేదు. నేను పంపే నాలుగంకెల ఆర్డరు నంబరు చెబితే పొట్లం ఇస్తారు. మీ చిరునామాలు రాసుకున్న నా పాత నోటుపుస్తకాన్ని కూడా చింపేశాను. ఇకపై కొరియర్ చేరిందని మీరు చెప్పగానే మీ చిరునామా నా ఫోనులోనుంచి తొలగిస్తాను కనుక, ప్రతిసారీ మళ్ళీ అడుగుతాను, విసుక్కోకండి.

ఈ మార్పు వల్ల ఇద్దరు ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. వారి సీసాలు, అంటే ఒక కిలో ఉసిరి, అరకిలో పండుమిర్చి, షాపులోనే ఉన్నాయి. కావలసినవారు శనివారం ఉదయం 11 నుంచి ఒంటిగంట లోపల తీసుకోవచ్చు. ముందుగా కొత్త నంబరుకు సందేశం పెట్టండి.