వార్షిక నివేదిక: మోడల్ ఆన్సర్ పక్కన మన ఆన్సర్

సభ్యులందరికీ నమస్కారం. హాజరు, చందాలు, జిరాక్స్ ఖర్చు, హాలు అద్దె వివరాలన్నీ కోశాధికారి గారు ఇప్పటికే గ్రూపులో పెట్టారు కాబట్టి వాటి జోలికి పోను. ఈ ఏడాది మన స్టడీ సర్కిల్‌లో ఎక్కువ ఆదివారాలు ఒకే పనికి పోయాయి. జూనియర్ సివిల్ జడ్జి రాత పరీక్షకు తయారవుతున్న వాళ్ళు రాసిన ఆన్సర్లను మోడల్ ఆన్సర్ల పక్కన పెట్టి, మార్కులు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడటమే ఆ పని. దాని గురించే ఈ నివేదిక.

అందరం చేసే పని ఏంటంటే, మోడల్ ఆన్సర్ తెరిచి, అందులో ఉండి మన దాంట్లో లేని సెక్షన్లు, కేసు పేర్లు వెతికి మార్జిన్‌లో రాసుకుంటాం. తర్వాత రాసే ఆన్సర్ ఇంకో అర పేజీ పెరుగుతుంది, మార్కులు మాత్రం అక్కడే ఉంటాయి. ఎందుకంటే ఆ పోలికలో మనం చూస్తున్నది చట్టం ఎంత రాశామన్నదే, ఆ చట్టాన్ని ప్రశ్నలోని సంగతుల మీద ఎంత నడిపించామన్నది కాదు. ఇది మాటల్లో చెబితే అందరూ తల ఊపుతారు, పేపరు మీద చూపిస్తేనే తెలుస్తుంది. అందుకే కాంట్రాక్ట్ చట్టం నుంచి ఒక్క ప్రాబ్లం తీసుకుని దాన్నే నమిలాం.

ప్రాబ్లం ఇది. గుంటూరు రామయ్య 50 క్వింటాళ్ళ మిర్చి ఫలానా ధరకు అమ్ముతానని వరంగల్ సుబ్బారావుకు జూన్ 1న ఉత్తరం రాశాడు, అది 3న అందింది. మార్కెట్ పెరగడంతో రామయ్య మనసు మార్చుకుని 4న ఆఫర్ రద్దు చేస్తూ ఇంకో ఉత్తరం పోస్టు చేశాడు. సుబ్బారావు 5న యాక్సెప్టెన్స్ పోస్టు చేశాడు. రద్దు ఉత్తరం సుబ్బారావు 6న చదివాడు. 7న సుబ్బారావే రామయ్యకు ఫోన్ చేసి, నాకూ ఈ బేరం వద్దు అన్నాడు. యాక్సెప్టెన్స్ ఉత్తరం రామయ్యకు 8న చేరింది. కాంట్రాక్ట్ ఉందా, లేదా?

ఒక సభ్యుడు రాసిన ఆన్సర్ ఇలా ఉంది. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, 1872 సెక్షన్ 4 పూర్తిగా, సెక్షన్ 5 పూర్తిగా, సెక్షన్ 6లో రద్దయ్యే పద్ధతులు, రెండు కేసు పేర్లు, ఇలా ఒకటింబావు పేజీ. చివర్లో, 'పై సెక్షన్లను ఈ కేసుకు అన్వయిస్తే కాంట్రాక్ట్ లేదని తేలుతుంది.' సమాధానం కరెక్టే. కానీ మనం పెట్టుకున్న స్కీములో, అంటే చట్టానికి మూడు, అన్వయానికి ఐదు, ముగింపుకు రెండు, మొత్తం పది మార్కుల స్కీములో, చట్టానికి మూడు, ముగింపుకు రెండు వచ్చాయి, అన్వయానికి సున్నా. ఆయన కోపం అర్థం చేసుకోదగ్గదే, తప్పు ఒక్కటీ లేదు కదా!

మన సీనియర్ గారు రాసిచ్చిన మోడల్ ఆన్సర్ పొడవులో దాదాపు సగమే. చట్టం నాలుగు లైన్లు. యాక్సెప్టెన్స్ పోస్టులో పడి, పంపినవాడి చేయి దాటగానే ఆఫర్ చేసినవాడిని కట్టేస్తుంది, ఆఫర్ చేసినవాడికి తెలిశాకే యాక్సెప్ట్ చేసినవాడిని కట్టేస్తుంది, ఎవరు వెనక్కి తీసుకోవాలన్నా ఆ క్షణం దాటకముందే తీసుకోవాలి. తర్వాత అంతా తేదీలే. 'రామయ్య రద్దు ఉత్తరం 4న పోస్టు అయినా, సుబ్బారావు మీద అది పనిచేసేది అతనికి తెలిసిన 6న. అప్పటికే, 5న, యాక్సెప్టెన్స్ పోస్టు కావడంతో రామయ్య కట్టుబడిపోయాడు, కాబట్టి అతని రద్దు చెల్లదు. సుబ్బారావు సంగతి వేరు. అతన్ని కట్టేసే క్షణం 8. 7న ఫోన్‌లో చెప్పిన మాట రామయ్యకు అప్పుడే తెలిసింది కాబట్టి యాక్సెప్టెన్స్ సకాలంలో వెనక్కి తీసుకున్నట్టే. కాంట్రాక్ట్ లేదు.'

తేడా కొలవడానికి మేం వాడిన పరీక్ష చాలా చిన్నది. ప్రశ్నలో ఒక తేదీ మార్చండి. ఫోన్ 7న కాకుండా 9న వచ్చిందనుకోండి. ఇప్పుడు రెండు ఆన్సర్లలోనూ ఏ వాక్యాలు తప్పయిపోతాయో పెన్సిల్‌తో గీయండి. మోడల్‌లో ఫోన్ గురించిన వాక్యం, ముగింపు రెండూ పడిపోతాయి, ఎందుకంటే 8 దాటింది కాబట్టి కాంట్రాక్ట్ నిలబడుతుంది. ఇంకో తేదీ మార్చి, యాక్సెప్టెన్స్ 5న కాకుండా 7 ఉదయం పోస్టు చేశాడంటే, రామయ్య రద్దు గురించిన వాక్యం పడిపోతుంది. మన సభ్యుడి ఆన్సర్‌లో ఏ తేదీ మార్చినా ఒకటింబావు పేజీలో ఒక్క అక్షరం కదలదు, మహా అయితే చివరి లైన్ తప్పవుతుంది. ప్రశ్న మారినా చెక్కుచెదరని వాక్యం ఆ ప్రశ్న కోసం రాసింది కాదన్నమాట.

ఈ పరీక్ష పెట్టాక కొందరు తేదీలన్నీ వరసగా ఆన్సర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు: 1న ఆఫర్, 3న అందింది, 4న రద్దు... గీతలు చాలా పడ్డాయి, మార్కులు పడలేదు. అది ప్రశ్నను తిరిగి రాయడం, అంతే. అందుకే రెండో షరతు పెట్టుకున్నాం. గీత పడిన వాక్యంలో ఒక తేదీ, సెక్షన్‌లోని ఒక మాట రెండూ ఉండాలి, మధ్యలో 'కాబట్టి' లాంటిది ఒకటి ఉండాలి. '6న చదివాడు' అంటే సంగతి. '6న చదివాడు కాబట్టి అతనికి తెలిసింది అప్పుడే, అంతకుముందు రోజే రామయ్య కట్టుబడిపోయాడు' అంటే అన్వయం.

ఇంకోటి, మోడల్ ఆన్సర్ అని అచ్చయినదంతా మోడల్ కాదు. బజారులో దొరికే ఒక గైడ్‌లో ఇలాంటి ప్రాబ్లమ్‌కే ఇచ్చిన జవాబులో, యాక్సెప్టెన్స్ పోస్టు చేయగానే ఇద్దరూ కట్టుబడతారని ఉంది. అది 1818 నాటి ఆడమ్స్ వర్సెస్ లిండ్సెల్ నుంచి వచ్చిన ఇంగ్లండ్ పద్ధతి. మన సెక్షన్ 4 ఇద్దరికీ వేరు వేరు క్షణాలు పెట్టింది, సుబ్బారావు తప్పించుకోగలిగింది ఆ సందులోంచే. ఆ గైడ్‌తో పోల్చుకుని తన సరైన జవాబును కొట్టేసుకున్న సభ్యురాలు ఉన్నారు. అందుకే ఈ ఏడాది నుంచి పోలికకు ముందు మోడల్‌ను కూడా అదే తేదీల పరీక్షకు పెట్టాలని, బేర్ యాక్ట్‌తో సరిచూడాలని తీర్మానించాం.

క్రిమినల్ పేపరులో ఇదే పని మొదలుపెట్టాం కానీ సగంలో ఉంది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చి హత్యను నిర్వచించే ఐపీసీ 300 కాస్తా 101 అయింది, దాని శిక్ష చెప్పే 302 కాస్తా 103 అయింది. పాత నంబర్లు బట్టీ పట్టిన వాళ్ళకు టెన్షన్ పట్టుకుంది. హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టడం అన్న మినహాయింపును మాత్రం ఇప్పటికీ గంటలు లెక్కపెట్టే వాదించాలి. నేవీ అధికారి నానావతి కేసులో 1961లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నిలిచిందీ అక్కడే. తనకు వేరొకరితో సంబంధం ఉందని భార్య చెప్పిన మాటకూ కాల్పులకూ మధ్య దాదాపు మూడు గంటలు గడిచింది, ఆ మధ్యలో అతను కుటుంబాన్ని సినిమాకు దింపి, ఓడకు వెళ్ళి రివాల్వర్ తెచ్చుకున్నాడు. ఆ వ్యవధిని పట్టించుకోకుండా మినహాయింపు నిర్వచనం మాత్రమే రాసిన ఆన్సర్లు మన దగ్గర ఇంకా చాలానే వస్తున్నాయి.

వచ్చే ఏడాది మొదటి సమావేశానికి అదే మిర్చి ప్రాబ్లం తెస్తున్నాం, ఉత్తరాల బదులు ఈమెయిళ్ళతో. ఐటీ యాక్ట్, 2000 సెక్షన్ 13, ఫోన్ కాంట్రాక్ట్ మీద 1966లో రిపోర్టయిన భగవాన్‌దాస్ కేడియా తీర్పు చదువుకుని రండి. ఆన్సర్ రెండు పేజీలు మించకూడదు, మించితే దిద్దబోమని సీనియర్ గారు ముందే చెప్పారు.