రవికి, ఫ్లాటు కాగితాల గురించి

రేయ్ రవీ,

నువ్వు పంపిన కూకట్‌పల్లి ఫ్లాటు కాగితాలు రాత్రి కూర్చుని చూశాను. తూర్పు వాకిలి, రెండో అంతస్తు. అమ్మకి నచ్చుతుందిలే. నువ్వడిగిన నాలుగు మాటల్లో ఫ్రీహోల్డ్, లీజ్‌హోల్డ్ రెండింటితో నీకు పెద్ద పని లేదు. వాటిని ముందు తేల్చేస్తాను.

ఫ్రీహోల్డ్ అంటే నేలతో సహా నీదే, గడువంటూ ఉండదు. లీజ్‌హోల్డ్ అంటే నేల వేరొకరిది, నీది కొన్నేళ్ల హక్కు మాత్రమే. మీ బావ నోయిడాలో కొన్నది అలాంటిదే. అక్కడ అథారిటీ 90 ఏళ్లకి లీజుకిస్తుంది, మళ్లీ అమ్మాలంటే వాళ్ల అనుమతి, ట్రాన్స్‌ఫర్ ఛార్జీలు. నీ ఫ్లాటు సేల్ డీడ్ షెడ్యూల్లో 'అవిభాజ్య వాటా 42 గజాలు' అని ఉంది చూడు. నేలలో నీ వంతు అది. ఇక్కడ లీజు గొడవ లేదు.

అసలు కథ ఈసీది, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌ది. ఎన్‌కంబ్రెన్స్ అంటే ఆ ఆస్తి మీద యజమానికి కాక ఇంకొకరికి ఉన్న హక్కు, అప్పు కావచ్చు, మరోటి కావచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన లావాదేవీలన్నీ వరుసగా చూపించేదే ఈసీ. నీ ఈసీలో మూడు ఎంట్రీలున్నాయి. మొదటిది బిల్డర్ నుంచి ఇప్పుడు నీకు అమ్ముతున్నాయన కొన్నది. రెండోది అదే రోజు బ్యాంకుకి చేసిన తనఖా. పేర్ల పక్కన MR అని ఉంటే తాకట్టు పెట్టినవాడు, ME అంటే పుచ్చుకున్నవాడు. మూడోది ఆ తనఖా రద్దు. ఇక్కడిదాకా చూసి నువ్వు 'క్లియర్' అనుకున్నావు, ఏజెంటూ అదే అన్నాడు.

కానీ అమ్మేవాయనే మాటల్లో 'ఇంకో బ్యాంకులో 24 లక్షల లోనుంది' అన్నాడని రాశావే! అది ఈసీలో లేదు. ఎందుకంటావా? ఒరిజినల్ కాగితాలు బ్యాంకుకి అప్పగించి అప్పు తీసుకుంటే చాలు, చట్టం దాన్ని తనఖాగానే చూస్తుంది. ఆ అప్పగింతకు సంబంధించిన పత్రం రిజిస్టరు చేయిస్తేనే ఈసీలోకి ఎక్కుతుంది. ఆయన లోను మార్చినప్పుడు కొత్త బ్యాంకు ఆ పని చేయించలేదన్నమాట. రిజిస్టరు కాని అగ్రిమెంటూ ఈసీలో కనపడదు, కోర్టు కేసు కూడా చాలాసార్లు కనపడదు.

అందుకని రెండు చోట్ల వెతకాలి. బ్యాంకులు తమ తనఖాల్ని సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేస్తాయి. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా ఆన్‌లైన్లో చూడొచ్చు. ప్రైవేటు వడ్డీ వ్యాపారి మాత్రం అక్కడా దొరకడు. ఆ వ్యాపారి దగ్గర ఉండేది ఒరిజినల్ డాక్యుమెంటు మాత్రమే. కాబట్టి ఒరిజినల్ ఎక్కడుందని అడుగు. 'పోయింది, సర్టిఫైడ్ కాపీ ఉంది' అంటే పోలీసు కంప్లయింటు, పేపరు ప్రకటన చూపించమను. చూపించలేకపోతే వచ్చేయ్. కలర్ జిరాక్సు చూసి అడ్వాన్సు ఇచ్చినవాళ్లని నేను చూశాను.

ఇక అమ్మేవాయన లోను. దానికి భయపడక్కర్లేదు, లోనున్న ఫ్లాట్లు రోజూ అమ్ముడవుతున్నాయి. డబ్బు నడిచే వరసే ముఖ్యం. ధర 68 లక్షలు కదా. అగ్రిమెంటు మీద 3 లక్షలు ఇవ్వు, అంతకు మించొద్దు. ఆయన బ్యాంకు నుంచి రెండు కాగితాలు తెప్పించు, ఎంత బాకీ ఉందో చెప్పే ఉత్తరం, వాళ్ల దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా. నీ బ్యాంకు నీకిచ్చే 50 లక్షల్లోంచి 24 లక్షలు నేరుగా ఆ బ్యాంకు లోను ఖాతా పేరున చెక్కు ఇస్తుంది. ఆయన చేతికి ఇవ్వకూడదు. అప్పు తీరాక ఒరిజినల్స్, నో డ్యూస్ కాగితం బయటికొస్తాయి. మిగిలిన 26 లక్షల చెక్కు, నీ 15 లక్షలు రిజిస్ట్రేషన్ రోజున. లెక్క సరిపోయిందా?

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే మరోసారి ఈసీ తియ్యి. మధ్యలో ఏదైనా ఎక్కిందేమో చూడాలి కదా.

ఇంకొకటి. ఆన్‌లైన్లో ఫ్లాటు నంబరుతో తీస్తే బిల్డరు అమ్మిన దగ్గర్నుంచే వస్తుంది. నేల మీద పాత గొడవలు తెలియాలంటే సర్వే నంబరుతో విడిగా తియ్యాలి. ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకే వెళ్లి అడగాలి. అలాగే బిల్డింగులో కాపురం ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందో లేదో కనుక్కో. ప్లాను పర్మిషన్ ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ కొంత భాగాన్ని తాకట్టు పెట్టించుకుంటుంది, సర్టిఫికెట్ వచ్చాకే వదులుతుంది. అందులో కింది అంతస్తుల ఫ్లాట్లే ఎక్కువగా ఉంటాయి, నీది రెండో అంతస్తే కాబట్టి అడుగుతున్నాను.

బ్యాంకు ఉత్తరం చేతికొచ్చాక ఫోటో తీసి పంపు, అగ్రిమెంటు డ్రాఫ్టు నేను చూస్తాను. ఏజెంటు రేపే సంతకం పెట్టమని తొందరపెడితే మా ఊరి బావ దగ్గర కాగితాలున్నాయని చెప్పు, ఆ బావని నేనే అవుతా.

నీ
సుధాకర్